తుఫాను మబ్బుల ఫొటోలో హరివిల్లు: చోటు, వెలుగు, నీటి ప్రతిబింబం ఎలా నిర్ణయించాం (కేస్ స్టడీ)

ఒక ప్రకృతి ఫొటోగ్రాఫర్ తన ఫొటోను పంపి, నల్లని తుఫాను మబ్బుల మీద హరివిల్లు గానీ మెరుపు గానీ చేర్చి, చూసినవాళ్లు అనుమానించకుండా ఉండేలా చేసి ఇవ్వమని అడిగారు. ఫొటోలో ముందువైపు ఎండ పడుతున్న గడ్డి గట్టు, దాని వెనుక నిశ్చలంగా ఉన్న చెరువు, అవతలి ఒడ్డున సుమారు 300 మీటర్ల దూరంలో చెట్ల వరుస, ఆ వెనుక మూడు కిలోమీటర్ల దూరంలో ఒక కొండ ఉన్నాయి. కొండ ముందు కుడివైపున వానతెర వేలాడుతోంది. ఆకాశం పైభాగమంతా ముదురు బూడిదరంగు మబ్బు.

హరివిల్లా, మెరుపా అనేది మన ఇష్టాన్ని బట్టి తేల్చుకునే విషయం కాదు, దాన్ని ఫొటోలోని వెలుగే తేల్చాలి. హరివిల్లు ఎప్పుడైనా సూర్యుడికి ఎదురుదిక్కునే కనిపిస్తుంది కాబట్టి, నీడలు కెమెరా వైపుకు వస్తున్న ఫొటోలో, అంటే సూర్యుడు ఎదురుగా ఉన్న ఫొటోలో, దాన్ని ఎంత నేర్పుగా అతికించినా అబద్ధమే అవుతుంది. అలాంటి ఫొటోలో మెరుపు మాత్రం ఉండవచ్చు. మా ఫొటోలో నీడలన్నీ కెమెరా నుంచి చెరువు వైపుకు సాగుతున్నాయి, వానతెర అంచు మీద ఎండ పడి తెల్లగా మెరుస్తోంది. హరివిల్లుకు కావలసినవి రెండే, వెనుక నుంచి ఎండ, ముందు వాన. ఆ రెండూ ఇక్కడ ఉన్నాయి.

మెరుపు కూడా అసాధ్యమేమీ కాదు. అయితే సెకనులో 160వ వంతు ఎక్స్‌పోజర్‌తో, ఎండ బాగా కాస్తున్నప్పుడు తీసిన ఫొటోలో మెరుపు ఒక సన్నని తెల్ల గీతగా, చుట్టూ చాలా తక్కువ కాంతితో మాత్రమే పడుతుంది. అది ఎండలో ఉన్న గడ్డిని వెలిగించదు, మబ్బు అడుగున కూడా ఆ గీత పుట్టిన చోట కొద్దిపాటి వెలుగే కనిపిస్తుంది. మెరుపు ఫొటోల్లో జనం ఆశించే ఊదారంగు ఆకాశం, వెలిగిపోయే మబ్బులు రాత్రిపూట ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచినప్పుడు వచ్చేవి. వాటిని పగటి ఫొటోలో పెడితే నేల ఒక వేళను, ఆకాశం మరో వేళను చూపిస్తాయి. ఈ మాట చెప్పిన తర్వాత ఆయన హరివిల్లుకే ఒప్పుకున్నారు.

చోటు: ఫొటోగ్రాఫర్ నీడే ఆధారం

హరివిల్లు ఆకాశంలో ఒక వస్తువు కాదు, చూసేవాడి కంటికీ సూర్యుడికీ మధ్య ఉన్న ఒక కోణం. సూర్యుడి నుంచి కెమెరా గుండా గీత గీసి ముందుకు పొడిగిస్తే అది చేరే దిక్కును ఎదురుబిందువు అందాం. ఆ బిందువు చుట్టూ సుమారు 42 డిగ్రీల దూరంలో ఉన్న దిక్కులన్నిటిలో ప్రధాన విల్లు కనిపిస్తుంది, సుమారు 51 డిగ్రీల దూరంలో మసకగా రెండో విల్లు కనిపిస్తుంది. సూర్యుడు దిగంతానికి ఎన్ని డిగ్రీల పైన ఉంటే ఎదురుబిందువు అన్ని డిగ్రీల కింద ఉంటుంది. అందుకే సూర్యుడు 42 డిగ్రీలకు మించి ఎక్కినప్పుడు సమతల నేల మీద నిలబడినవాడికి ఆకాశంలో విల్లు ఉండదు. అందువల్ల పని మొదలుపెట్టాలంటే తెలియాల్సినది ఒక్కటే, ఆ ఎదురుబిందువు ఫొటోలో ఏ పిక్సెల్ దగ్గర ఉందన్నది.

నాకు మొదట అందినది జేపెగ్ ఫైలు. అందులో గడ్డి మీద ఒకచోట క్లోన్ స్టాంప్‌తో ఏదో చెరిపినట్టు ఒకే గడ్డి కుదురు రెండుసార్లు కనిపించింది. అడిగితే, అక్కడ తన నీడ పడిందని, బాగోలేదని తీసేశానని చెప్పారు. నాకు కావలసినది సరిగ్గా అదే కాబట్టి, క్రాప్ చేయని, నిలువు సరిచేయని రా ఫైలును పంపమన్నాను. లెన్స్ నీడ పడే చోటు ఎప్పుడూ ఎదురుబిందువే. నేల వాలుగా ఉన్నా, గట్టు ఎత్తుపల్లాలుగా ఉన్నా, నీడ దగ్గర పడినా దూరం పడినా ఆ దిక్కు మారదు. కెమెరాను కంటి దగ్గర పెట్టుకుని తీశారు కాబట్టి తల నీడ మధ్యలోనే లెన్స్ నీడ ఉంటుంది.

క్రాప్ చేయని ఫైలు అవసరం కావడానికి మరో కారణం కూడా ఉంది. పిక్సెళ్లను డిగ్రీలుగా మార్చాలంటే లెన్స్ అక్షం ఏ పిక్సెల్ గుండా పోతుందో తెలియాలి, అది పూర్తి ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది. క్రాప్ చేసిన ఫొటోలో ఆ మధ్య ఎక్కడికి జరిగిందో ఎవరూ చెప్పలేరు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 మి.మీ. లెన్స్, ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, ఎత్తు 4000. సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి ఫోకల్ దూరాన్ని పిక్సెళ్లలో చెబితే 24 × 6000 ÷ 36 = 4000. లెన్స్ వంపును ప్రొఫైల్‌తో సరిచేసిన తర్వాతే ఈ లెక్క పనికొస్తుంది.

రా ఫైలులో తల నీడ 2150వ నిలువు వరుసలో, 3329వ అడ్డ వరుసలో ఉంది. ఫొటో మధ్య నుంచి లెక్కిస్తే అది 12 డిగ్రీలు ఎడమకు, దిగంతానికి 18 డిగ్రీలు కిందకు. ఫొటో తీసిన సమయం, స్థలం ఆధారంగా సూర్యుడి ఎత్తును విడిగా చూస్తే అది కూడా 18 డిగ్రీలే వచ్చింది. కెమెరా గడియారం తప్పుగా పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి సమయాన్ని మాత్రమే నమ్మి ఈ పని చేయకూడదు, నీడ దొరికినప్పుడు నీడనే నమ్మాలి. తల నీడ ఫ్రేమ్‌లో లేకపోతే నిటారుగా ఉన్న కర్రల, చెట్ల నీడలను పొడిగించి దిక్కు తెలుసుకుని, ఎత్తును మాత్రం సమయం నుంచి తీసుకోవాలి.

ఇక్కడ చాలామంది వృత్తాకారపు హరివిల్లు బొమ్మ ఒకటి తెచ్చి, కేంద్రాన్ని నీడ మీద ఉంచి, పెద్దది చేసి వదిలేస్తారు. టెలిఫొటో లెన్స్‌తో తీసిన ఫొటోలో విల్లు ముక్క చిన్నదిగా ఉంటుంది కాబట్టి అది చెల్లవచ్చు. వైడ్ లెన్స్ ఫొటోలో విల్లు వృత్తంగా పడదు. లెన్స్ అక్షానికీ ఎదురుబిందువుకూ మా ఫొటోలో దాదాపు 21.5 డిగ్రీల తేడా ఉంది కాబట్టి విల్లు దీర్ఘవృత్తంగా మారి, పొట్టి అక్షం పొడవు అక్షంలో 87 శాతమే ఉంటుంది. విల్లు శిఖరం కూడా నీడకు సరిగ్గా పైన ఉండదు, ఎడమవైపుకు, సుమారు 1780వ నిలువు వరుస దగ్గరకు జరుగుతుంది. కంటితో ఊహించడం కష్టం కాబట్టి, ప్రతి పిక్సెల్ ఎదురుబిందువుకు ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో లెక్కించే చిన్న కోడ్ వాడతాను.

```python
import numpy as np
f, cx, cy = 4000, 3000, 2000
a = np.array([2150 - cx, 3329 - cy, f], float)
a /= np.linalg.norm(a)
y, x = np.mgrid[0:4000, 0:6000]
d = np.stack([x - cx, y - cy, np.full(x.shape, f)], -1).astype(float)
d /= np.linalg.norm(d, axis=-1, keepdims=True)
theta = np.degrees(np.arccos(d @ a))
```

ఇందులో `theta` అనేది ఫొటో అంత పరిమాణం ఉన్న కోణాల పటం. విల్లు దీర్ఘవృత్తమా, కెమెరా వంగి ఉందా అన్న ఆలోచనే ఇక్కడ అక్కర్లేదు. 42 దగ్గర ఉన్న పిక్సెళ్లే విల్లు. లెక్క ప్రకారం విల్లు కుడి పాదం దిగంతాన్ని దాదాపు 5000వ నిలువు వరుస దగ్గర తాకుతుంది, ఎడమవైపు విల్లు పాదం వరకు రాకుండానే 556వ అడ్డ వరుస దగ్గర ఫ్రేమ్ దాటిపోతుంది. రెండో విల్లు దిగంతం దగ్గర కుడి అంచుకు ఆనుకుని మొదలై, పైకి పోయేకొద్దీ ఎడమకు వంగుతూ, దాదాపు 4050వ నిలువు వరుస దగ్గర ఫ్రేమ్ పై అంచు దాటిపోతుంది.

పూర్తి విల్లు ఎందుకు పెట్టలేదు

ఫొటోగ్రాఫర్ ఒక చివర నుంచి మరో చివర దాకా వంగిన విల్లును ఊహించుకున్నారు. కోణం లెక్కలో అది ఉంది, ఆకాశంలో మాత్రం లేదు. విల్లు పుట్టేది ఎండ పడిన వాన చినుకుల్లో, మబ్బులోని సూక్ష్మమైన నీటి బిందువుల్లో కాదు. మా ఫొటోలో మబ్బు అడుగు అంచు 700వ అడ్డ వరుస దగ్గర స్పష్టంగా కనిపిస్తోంది, వానతెర దాని నుంచి కిందకు వేలాడుతోంది. అంతకు పైన విల్లు కనబడాలంటే మాకు చాలా దగ్గరలో వాన పడుతూ ఉండాలి. చెరువు నీటి మీద చినుకు పడిన వలయం ఒక్కటీ లేదు, అవతలి చెట్ల ఆకులు ముసురు లేకుండా స్పష్టంగా ఉన్నాయి. అంటే చెట్లకు ఇవతల వాన లేదు, వాన ఉన్నదంతా చెట్లకూ కొండకూ మధ్యే.

ఈ ఒక్క పరిశీలన మూడు విషయాలను తేల్చింది. మొదటిది, విల్లు కుడి కాలు మాత్రమే నిండుగా కనిపించాలి, 700వ అడ్డ వరుస దగ్గరకు చేరేసరికి అది పలచబడి మాయమవ్వాలి. రెండోది, చెట్లు విల్లును కప్పేయాలి, ఎందుకంటే వాన చెట్ల వెనుక ఉంది. మూడోది, కొండ మాత్రం విల్లును కప్పకూడదు, విల్లే కొండ మీదుగా రావాలి, ఎందుకంటే వాన కొండకు ముందు ఉంది. ఆకాశాన్ని సెలెక్ట్ చేసి ఆ మాస్క్‌లో విల్లును పెట్టే అలవాటు ఉన్నవాళ్ల ఫొటోల్లో విల్లు కొండ అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. నిజానికి ముదురు కొండ ముందు విల్లు తెల్లని మబ్బు ముందుకన్నా స్పష్టంగా కనిపిస్తుంది, ఆ చోటును వదులుకోవడం నష్టం.

మాస్క్‌ను చేత్తో బ్రష్‌తో గీయలేదు. వానతెర ఉన్న చోటే దాని దట్టాన్ని బట్టి వెలుగుతెర కూడా ఉంటుంది కాబట్టి, ఆ ప్రాంతపు ఫొటో వెలుగునే 40 పిక్సెళ్ల మేర బ్లర్ చేసి మాస్క్‌గా వాడాను. అందువల్ల వాన గుబురుగా దిగుతున్న చారల్లో విల్లు గట్టిగా, చారల మధ్య పలచగా పడింది. ఆ తర్వాత కింది నుంచి పైకి మెల్లగా తగ్గే గ్రేడియంట్ ఒకటి కలిపాను. ఉరుముల వానలో పెద్ద చినుకులు గాలి ఒత్తిడికి అడ్డంగా చదునైపోతాయి, అలాంటివి విల్లు కాళ్లకు బాగా వెలుగునిస్తాయి గానీ శిఖరానికి అంతగా ఇవ్వవు. కాళ్లు ప్రకాశంగా, నడుము పైన మసకగా ఉన్న విల్లు ఎక్కువగా కనిపించడానికి అదొక కారణం.

వెలుగు, రంగులు

హరివిల్లు ఉన్న వెలుగుకు మరికొంత వెలుగును కలుపుతుంది, దేన్నీ తగ్గించదు. Normal మోడ్‌లో ఎర్ర పట్టీని తెల్లని మబ్బు మీద వేస్తే మబ్బులోని ఆకుపచ్చ, నీలం తగ్గి ఎరుపు కనిపిస్తుంది. అది మబ్బుకు రంగు వేసినట్టుంటుంది, వెలుగు పడినట్టు ఉండదు. అందుకే రా ఫైలును టోన్ కర్వ్ లేకుండా తెరిచి, 32 బిట్ డాక్యుమెంట్‌లో Linear Dodge (Add) మోడ్‌తో కలిపాను. 16 బిట్‌లో పని చేయక తప్పనివాళ్లకు Screen మోడ్ కొంతవరకు దగ్గరగా వస్తుంది. సరిగ్గా చేశామా లేదా అనేది తెలుసుకోవడం సులభం. కొత్త ఫొటో నుంచి పాతదాన్ని తీసివేసి చూస్తే ఏ చానల్‌లోనూ ఒక్క పిక్సెల్ కూడా రుణాత్మకంగా రాకూడదు.

రెండు విల్లుల మధ్య ఆకాశం నల్లగా కనిపించడం అందరికీ తెలుసు. అక్కడ ఆకాశం చీకటి పడదు, విల్లు లోపలి భాగం, రెండో విల్లు వెలుపలి భాగం కొంచెం వెలగడం వల్ల మధ్యది నల్లగా తోస్తుంది. కాబట్టి ఆ పట్టీని బర్న్ టూల్‌తో నల్లగా చేయకూడదు, విల్లు లోపలివైపును వెలిగించాలి. ఇది లేకపోతే విల్లు ఆకాశం మీద అతికించిన రిబ్బన్‌లా ఉంటుంది. నకిలీ విల్లును నేను మొదట గుర్తుపట్టేది రంగుల వల్ల కాదు, లోపలా బయటా ఆకాశం ఒకేలా ఉండటం వల్ల.

రంగుల విషయంలో ఏడు చారలు గీయడం పెద్ద పొరపాటు. ప్రతి రంగు కాంతికీ వెలుపలి అంచు పదునుగా ఉంటుంది, లోపలివైపుకు అది మెల్లగా తగ్గుతూ విల్లు లోపలంతా వ్యాపిస్తుంది. ఎరుపు అంచు 42.4 డిగ్రీల దగ్గర, ఆకుపచ్చది 41.8 దగ్గర, నీలానిది 41.1 దగ్గర పెట్టి మూడు చానళ్లకు ఒకే ఆకారాన్ని ఇస్తే మిగతాదంతా దానంతట అదే వస్తుంది.

```python
def band(t, edge):
    s = np.maximum(edge - t, 0)
    return np.where(t < edge, (1 + s / 0.15) ** -0.5, 0)

bow = np.stack([band(theta, e) for e in (42.4, 41.8, 41.1)], -1)
```

వెలుపలి అంచులో ఎరుపు ఒక్కటే ఉంటుంది కాబట్టి అది మాత్రమే స్వచ్ఛంగా కనిపిస్తుంది. ఆకుపచ్చ వచ్చేసరికి ఎరుపు తోక దానితో కలిసి పసుపు పుడుతుంది, నీలంలో ముందున్న రెండూ కలిసి అది పాలిపోతుంది. ఇంకా లోపలికి పోతే మూడూ సమానమై తెల్లని పలచని వెలుగుగా మారతాయి, మనకు కావలసిన లోపలి వెలుగు అదే. సూర్యబింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కాబట్టి ప్రతి అంచూ ఆ మేరకు చెదిరిపోవాలి. మా ఫొటోలో దానికి 10 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ సరిపోయింది. మొత్తం రంగు పట్టీ వెడల్పు దాదాపు రెండు డిగ్రీలు, అంటే 170 పిక్సెళ్లకు అటూ ఇటూ. రెడీమేడ్ విల్లు బ్రష్‌లు చాలావరకు దీనికి రెండింతలు వెడల్పుగా, గాఢమైన ఊదారంగుతో ఉంటాయి.

విల్లు రంగు చివరికి ఎండ రంగే. ఒడ్డున కట్టిన తెల్ల పడవ మీద ఎండ పడిన చోట మూడు చానళ్ల నిష్పత్తిని తీసుకుని విల్లును దానితో గుణించాను, నీలం కొంచెం తగ్గింది. సూర్యుడు 18 డిగ్రీల ఎత్తులో ఉన్నాడు కాబట్టి మార్పు స్వల్పమే. అదే సూర్యుడు దిగంతాన్ని తాకుతూ ఉంటే విల్లులో ఎరుపు, నారింజ మాత్రమే మిగులుతాయి, అలాంటి వేళ నీలం పట్టీ పెట్టడం పెద్ద తప్పు.

ఎంత ప్రకాశం అన్నది లెక్కతో తేలదు, చినుకుల పరిమాణం, ఎండ పడిన వాన మందం మనకు తెలియవు. దీనికి నేను పట్టుకునేది ఇలాంటి ఎండలో తీసిన నిజమైన విల్లు రా ఫైలు. అందులో పట్టీకి వెలుపలి ఆకాశంతో పోలిస్తే ఎరుపు శిఖరం ఎన్ని వంతులు ఎక్కువో కొలుస్తాను. ఈ ఫొటోకు, కుడి కాలి దగ్గర కొండ మీద ఎరుపు చానల్‌కు వెనుకనున్న వెలుగులో నాలుగో వంతు కలిపాను, లోపలి వెలుగు అందులో పదో వంతు దగ్గర నిలిచింది. ఫొటోగ్రాఫర్ ఇంకా గట్టిగా కావాలన్నారు. మూడో వంతు దాకా పెంచి చూపించాను. అంతకు మించితే ఎండ పడిన వానతెర కన్నా విల్లు ప్రకాశంగా కనిపించి, వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది. రంగుల గాఢత పెంచమన్నప్పుడు నేను విల్లును ముట్టుకోలేదు, మొత్తం ఫొటోకు ఆయన వాడే కాంట్రాస్ట్ కర్వ్‌ను విల్లు కలిపిన తర్వాత వేశాను. ఆకాశానికి ఏ మార్పు జరిగిందో విల్లుకూ అదే జరగాలి.

రెండో విల్లును కుడివైపున చాలా మంద్రంగా, రంగుల వరుస తలకిందులు చేసి పెట్టాను. తెలిసినవాళ్లకు తప్ప అది కనిపించదు.

నీటిలో ప్రతిబింబం

విల్లు నేల మీదకు రంగు వెలుగును వెదజల్లదు. గడ్డి మీద, పడవ మీద రంగు ఛాయలు వేయడం ఎక్కడైనా చూస్తే అది అలంకారమే. అది కనిపించగలిగేది అద్దంలా పనిచేసే ఉపరితలాల్లోనే, మా ఫొటోలో అది చెరువు. పనిలో ఎక్కువ సమయం పట్టినది కూడా ఇక్కడే.

ఫొటో పైసగాన్ని కిందకు తిప్పి అతికిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. కెమెరా నీటి మట్టానికి సుమారు మూడు మీటర్ల ఎత్తులో ఉంది. నీటిలో మనకు కనిపించేది, నీటికి మూడు మీటర్ల కింద తలకిందులుగా పెట్టిన మరో కెమెరా చూసే దృశ్యం. దగ్గరి వస్తువులు ఆ రెండు కెమెరాలకూ వేర్వేరు చోట్ల కనిపిస్తాయి. విల్లు మాత్రం వస్తువు కాదు, దిక్కు, సూర్యుడు ఇద్దరికీ ఒకే వైపున ఉన్నాడు కాబట్టి రెండు కెమెరాలకూ అదే దిక్కున కనిపిస్తుంది. నీటిలో కనిపించే విల్లు వేరే చినుకుల నుంచి వచ్చిన వేరే వెలుగు అని చెప్పేది ఇందుకే.

దీని ఫలితం ఫొటోలో కొలవగలిగేంత ఉంది. అవతలి చెట్ల తలలు దిగంతానికి 120 పిక్సెళ్ల పైన ఉన్నాయి, నీటిలో వాటి ప్రతిబింబాల కొనలు దిగంతానికి 200 పిక్సెళ్ల కింద ఉన్నాయి. విల్లు ప్రతిబింబం మాత్రం దిగంతానికి సరిగ్గా అంతే దూరంలో పడుతుంది. కాబట్టి ఆకాశంలో విల్లు అడుగున 120 పిక్సెళ్లను చెట్లు కప్పితే, నీటిలో 200 పిక్సెళ్లను కప్పాలి. ఆకాశాన్ని ఊరికే తిప్పి వేసినవారి ఫొటోలో నీటిలోని విల్లు చెట్టు కొన మీద ఆకాశంలో తాకిన చోటే తాకుతుంది, జాగ్రత్తగా చూసేవారికి అది వెంటనే దొరికిపోతుంది.

తిప్పవలసిన గీత కూడా అవతలి ఒడ్డు నీటి అంచు కాదు. ఆ అంచు 2040వ అడ్డ వరుసలో ఉంది, నిజమైన దిగంతం 2000లో ఉంది. దాన్ని కనుక్కోవడానికి మబ్బు అంచులో స్పష్టంగా తెలిసే ఒక గంటును తీసుకుని, అది ఆకాశంలో ఏ వరుసలో ఉందో, నీటిలో ఏ వరుసలో ఉందో చూసి మధ్యను తీసుకున్నాను. 1400, 2600 వచ్చాయి, మధ్య 2000. చాలా దూరంలో ఉన్న వస్తువుకే ఇది సరిగ్గా పనిచేస్తుంది, చెట్లతో చేస్తే 2040 వస్తుంది. కోణాల పటంలో `y` బదులు `4000 - y` పెడితే నీటిలోని విల్లు దానంతట అది వస్తుంది. చెట్ల ప్రతిబింబాల కింద దాదాపు 4870వ నిలువు వరుసలో మొదలై, కిందకు దిగేకొద్దీ ఎడమకు వంగుతూ, నీరు గట్టును తాకే 2900వ అడ్డ వరుస దగ్గర 4270కి చేరింది. కెమెరా సమంగా ఉండటం వల్ల ఇంత తేలికైంది, వంగి ఉన్న కెమెరాకు దిక్కులను ముందు సరిదిద్దాలి.

నీరు ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చూసే కోణం బట్టి ఉంటుంది. నీటి మీదకు 3 డిగ్రీల వాలులో చూసినప్పుడు దాదాపు 72 శాతం, 12 డిగ్రీల వాలులో 28 శాతం తిరిగి వస్తుంది. అందుకే ప్రతిబింబం అవతలి ఒడ్డు దగ్గర గట్టిగా, మన వైపుకు వచ్చేకొద్దీ పలచగా ఉండాలి. మబ్బుకూ దాని ప్రతిబింబానికీ ఉన్న నిష్పత్తిని అక్కడక్కడా కొలిచి ఈ తగ్గుదలను సరిచూసుకున్నాను. దగ్గరి నీటిలో కొలిచినది లెక్క కన్నా కొంచెం ఎక్కువగా, 33 శాతంగా వచ్చింది. ఆ అదనం నీటి లోపలి నుంచి వచ్చే దాని సొంత రంగు, అద్దపు వెలుగు కాదు. కాబట్టి విల్లుకు 28నే వాడాను.

చివరగా అలలు. నీటి ఉపరితలం ఒక డిగ్రీ వంగితే ప్రతిబింబం రెండు డిగ్రీలు కదులుతుంది, అది విల్లు రంగు పట్టీ మొత్తం వెడల్పు. అంటే కంటికి తెలియనంత చిన్న అల కూడా రంగులను కలిపి బూడిదగా చేసేస్తుంది. ఈ చెరువులో అవతలి సగం అద్దంలా ఉంది, ఇవతల గాలి తగిలి నీరు గరుకుగా ఉన్న ఒక పట్టీ ఉంది. ఆ పట్టీలో మబ్బు అంచు ప్రతిబింబం కూడా నిలువుగా చెదిరి ఉండటం చూసి, విల్లును అక్కడ పూర్తిగా తీసేశాను. దానికి ఇవతల నీరు మళ్లీ నునుపుగా ఉన్న కొద్ది చోట, నిలువుగా 30 పిక్సెళ్ల మోషన్ బ్లర్‌తో మసక రంగు మాత్రమే మిగిల్చాను.

ఆయన అడిగిన చివరి మార్పు

పని అంతా అయ్యాక ఫొటోగ్రాఫర్ విల్లు పాదం పడవ పైకి వచ్చేలా ఎడమకు జరపమన్నారు. పడవ 3600వ నిలువు వరుస దగ్గర ఉంది, పాదం 5000 దగ్గర. అంత జరపాలంటే ఎదురుబిందువు దాదాపు 18 డిగ్రీలు కదలాలి, అప్పుడు గట్టు మీద ఉన్న ప్రతి కంచె కర్ర నీడ తప్పుదిక్కు చూపిస్తుంది. ఆయన తన నీడను చెరిపేసినా కర్రల నీడలు ఫొటోలోనే ఉన్నాయి, వాటిని తిరగరాయడం విల్లును చేర్చడం కన్నా పెద్ద పని.

బదులుగా ఫ్రేమ్‌ను మార్చాం. ఎడమ నుంచి 1500 పిక్సెళ్లు, కింద నుంచి 1000 పిక్సెళ్లు తీసేస్తే 4500 × 3000 ఫొటో మిగిలింది. తల నీడ ఉన్న గడ్డి పూర్తిగా బయటకు పోయింది కాబట్టి క్లోన్ స్టాంప్ అవసరమే లేకపోయింది. పడవ ఫొటో మధ్యకు కొంచెం ఎడమగా, విల్లు కాలు కుడివైపు నాలుగో వంతులో నిలిచాయి, మబ్బు అడుగున విల్లు మాయమయ్యే చోటు పడవకు దాదాపు సరిగ్గా పైన పడింది. విల్లు, దాని ప్రతిబింబం, వానతెర మాస్క్ వేర్వేరు లేయర్లుగా ఉంచి, క్రాప్ చేయని ఫైలుతో సహా ఆయనకు అందజేశాను.